బాలింత కుక్క వణికితే

మొన్న వేసవిలో ఒక రాత్రి పదకొండు దాటాక ఫోన్ మోగింది. "డాక్టరు గారూ, మా పింకీకి ఏదో అయిందండీ. ఒళ్ళంతా వణికిపోతోంది, నోటివెంట చొంగ కారుతోంది. ఏ పిచ్చికుక్కయినా కరిచిందేమోనని భయంగా ఉందండీ" అంది ఒకావిడ ఏడుపు గొంతుతో. నేను అడిగింది ఒక్కటే: "పిల్లల్ని పెట్టిందామ్మా?" పెట్టిందట. ఐదు పిల్లలు. ఇరవై రోజులైందట. పిల్లల్ని ఇంట్లోనే ఉంచి తల్లిని వెంటనే తీసుకురమ్మన్నాను.

పింకీ తెల్లటి పొమరేనియన్, ఎనిమిది కిలోల బరువు. రేబిస్ టీకాలు తప్పకుండా వేయించినట్టు కార్డులో ఉంది. బల్లమీద పెట్టేసరికి నాలుగు కాళ్ళూ కొయ్యల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. నాలుక బయటపెట్టి రొప్పుతోంది. జ్వరం 106 డిగ్రీల ఫారెన్‌హీట్. కుక్కకి మామూలుగా 101, 102 ఉంటుంది. ఆరోజు ఏం జరిగిందని అడిగితే ఒక్కొక్కటే చెప్పుకొచ్చారు. పొద్దున్నుంచి పిల్లల దగ్గర కుదురుగా పడుకోలేదు. మధ్యాహ్నం మూతిని గోడకేసి రుద్దుకుంది. సాయంత్రం మెట్లు ఎక్కుతుంటే వెనక కాళ్ళు బిర్రబిగిసినట్టు నడిచింది. ఎండకి అలా ఉందనుకుని ఫ్యాను వేశారు. వణుకు మొదలైంది రాత్రి తొమ్మిదికి.

ఈ జబ్బు పేరు ఎక్లాంప్సియా. గర్భిణులకు రక్తపోటు పెరిగి వచ్చే జబ్బుకీ ఇదే పేరుంది గానీ, దానికీ దీనికీ సంబంధం లేదు. కుక్కలో ఇది రక్తంలో కాల్షియం పడిపోవడం వల్ల వస్తుంది. చాలావరకు ఈనిన నాలుగు వారాల్లోపు, పాలు బాగా పడే రోజుల్లో కనిపిస్తుంది. అరుదుగా ఈనడానికి ముందు కూడా రావచ్చు. చిన్న జాతి కుక్క, ఎక్కువ పిల్లలు: ఈ రెండూ కలిసినచోట ప్రమాదం ఎక్కువ.

ఒంట్లో కాల్షియం లేక కాదు. దాదాపు అంతా ఎముకల్లోనే ఉంటుంది. అవసరమైనప్పుడు దాన్ని కరిగించి రక్తంలోకి తెచ్చే పని గొంతు దగ్గరుండే పారాథైరాయిడ్ అనే చిన్న గ్రంథులది. ఐదు పిల్లలు రేయింబవళ్ళు తాగుతుంటే పాలలోకి పోయే కాల్షియం, ఎముకల నుంచి, తిండి నుంచి వచ్చేదాన్ని మించిపోతుంది. రక్తంలో డెసిలీటరుకి 9 నుంచి 11 మిల్లీగ్రాముల దాకా ఉండాల్సింది 7 కంటే కిందికి జారుతుంది.

పాడి ఉన్న ఇళ్ళలో పాల జ్వరం అందరికీ తెలుసు. ఆవుకీ అదే కాల్షియం లోటు. కానీ ఆవు చల్లబడి, మెడ పక్కకి వాల్చి కూలబడిపోతుంది. కుక్క అందుకు పూర్తిగా వ్యతిరేకం. నరాలను అదుపులో ఉంచే కాల్షియం తగ్గేసరికి అవి చీటికిమాటికి కండరాలకు ఆజ్ఞలు పంపుతూనే ఉంటాయి. కండరం బిగుసుకుంటుందే తప్ప వదలదు. ఆ ఎడతెగని శ్రమవల్లే ఒళ్ళు కాలిపోతుంది. అందుకే దీన్ని వడదెబ్బ అనో, ఫిట్స్ అనో, మామూలు జ్వరం అనో పొరబడతారు.

రొప్పు గురించి ఒక మాట. వేడి తగ్గించుకోవడానికే కుక్క రొప్పుతుంది. కానీ అలా రొప్పినకొద్దీ రక్తంలోని బొగ్గుపులుసు వాయువు బయటికి పోయి, రక్తం క్షారగుణం వైపు మొగ్గుతుంది. అప్పుడు మిగిలిన కాల్షియంలో మరికొంత రక్తంలోని ప్రోటీన్లకు అతుక్కుని నరాలకు అందకుండా పోతుంది. వణుకు వల్ల వేడి, వేడి వల్ల రొప్పు, రొప్పు వల్ల మరింత వణుకు. సాయంత్రం మామూలుగా నడిచిన కుక్క అర్ధరాత్రికి చావుబతుకుల మధ్యకు చేరేది ఇలాగే.

పింకీకి రక్తం తీశాను గానీ రిపోర్టు కోసం ఆగలేదు. ముందు కాలి సిరకు సూది పెట్టి, పది శాతం కాల్షియం గ్లూకోనేట్ 8 మిల్లీలీటర్లు, అంటే కిలోకి ఒకటి చొప్పున, సెలైన్‌లో కలిపి ఎక్కించడం మొదలుపెట్టాను. దాదాపు ఇరవై నిమిషాలు పట్టింది. అంతసేపూ స్టెతస్కోపు దాని గుండె మీదే ఉంది. కాల్షియం వేగంగా ఎక్కితే గుండె నెమ్మదించి, లయ తప్పి, ఆగిపోగలదు. సగం ఎక్కేసరికి గుండెచప్పుడు ఒక్కసారిగా తగ్గింది. సూది కదపకుండా మందు ఆపేశాను. గుండె కుదుటపడ్డాక ఇంకా నెమ్మదిగా మళ్ళీ మొదలుపెట్టాను. ముందుగా దవడ వదులైంది. తర్వాత కాళ్ళు మెత్తబడ్డాయి. చివరికి గట్టిగా ఒక నిట్టూర్పు విడిచి బల్లమీదే ఉచ్చ పోసింది. యజమానురాలు కంగారుపడింది గానీ, నాకు మాత్రం గండం గడిచిందని తెలిసింది.

జ్వరానికి వేరే మందు ఇవ్వలేదు. వణుకు తగ్గితే వేడి దానంతటదే దిగుతుంది. ఐసు నీళ్ళతో తడిపితే ఆ తర్వాత ఒళ్ళు మరీ చల్లబడిపోయే ప్రమాదం ఉంది. దారిలో పాదాలు, పొట్ట తడిగుడ్డతో తుడిచి గాలి తగలనిస్తే చాలు.

ఇంట్లో జరిగే పొరపాట్లే నన్ను ఎక్కువ బాధపెడతాయి. జ్వరమని మనుషుల పారాసెటమాల్ వేస్తారు, అది కుక్క కాలేయాన్ని, రక్తాన్ని దెబ్బతీస్తుంది. బిగుసుకున్న నోట్లో కాల్షియం సిరప్ పోస్తారు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పశువులకు వాడే కాల్షియం సీసా తెచ్చి గబగబా ఎక్కించేవారూ ఉన్నారు. ఇంట్లో చేయాల్సింది రెండే: పిల్లల్ని పాలు తాగకుండా వేరుచేయడం, తల్లిని ఆస్పత్రికి చేర్చడం. టీకాల్లేని కుక్కయితే దాని నోటి దగ్గర చేతులు పెట్టకండి.

మర్నాడు మొత్తం పింకీ దగ్గరికి పిల్లల్ని పోనివ్వలేదు. కుక్కపిల్లల పాలపొడి కలిపి సీసాతో పట్టారు. మూడో వారం కాబట్టి మెత్తటి తిండి నాకించడం కూడా మొదలైంది. తల్లికి కాల్షియం మాత్రలు తిండితోపాటు రోజుకు మూడుసార్లు, పాలు మాన్పించేదాకా. మళ్ళీ వణుకు వచ్చిందంటే ఇక ఆ ఈతలో తల్లిపాలు పూర్తిగా మాన్పించాల్సిందే.

పింకీ విషయంలో తప్పు ఎక్కడ జరిగిందో ఆవిడ వెళ్ళేముందు తెలిసింది. చూలుతో ఉన్నప్పుడు రోజూ కాల్షియం టానిక్ పట్టారట, ప్రేమతోనే. బయటినుంచి కాల్షియం ధారాళంగా వస్తుంటే పారాథైరాయిడ్ గ్రంథులు పని తగ్గించేస్తాయి. ఈనిన తర్వాత ఒక్కసారిగా అవసరం మీదపడితే అవి వెంటనే అందుకోలేవు. ఈనిన తర్వాతేమో ఎముక లేని చికెను, అన్నం పెట్టారు. అందులో భాస్వరం ఎక్కువ, కాల్షియం దాదాపు లేనట్టే. చూలు చివరి మూడు వారాలూ, పాలిచ్చినన్నాళ్ళూ కుక్కపిల్లల కోసం తయారుచేసే సమతుల ఆహారం పెడితే చాలు, చూలులో విడిగా కాల్షియం అక్కర్లేదు. ఒకసారి ఈ జబ్బు వచ్చిన కుక్కకి తర్వాతి ఈతలోనూ రావచ్చు కాబట్టి ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పాలి.

మీ ఇంట్లో కుక్క చూలుతో ఉంటే, రాత్రిపూట కూడా ఫోనెత్తే పశువుల డాక్టరు నంబరు ఇప్పుడే రాసి పెట్టుకోండి. ఈనాక నాలుగు వారాలు దాని నడకని, మూతిని గమనించండి. అది పిల్లల్ని వదిలేసి రొప్పుతూ తిరుగుతుంటే తెల్లారేదాకా ఆగకండి.