ఐదో తేదీ వాయిదాకి రెండో తేదీనే ఫోను మోగాలి

పొదుపు సంఘంలో ఎవరైనా వాయిదా తప్పితే డబ్బు లేకే కట్టలేదని అనుకుంటాం. ప్రతిసారీ అదే కారణం కాదు. పాల బిల్లు చేతికొచ్చిన రోజు డబ్బు ఉంటుంది, వాయిదా తేదీ మాత్రం గుర్తుకు రాదు. ఆ డబ్బు ఎరువుల కొట్టుకో పిల్లల ఫీజుకో వెళ్లిపోతుంది. నాలుగు రోజులు తిరిగాక సమావేశంలో పుస్తకం తెరిచేసరికి చేతిలో ఏమీ మిగలదు. ఈ చిక్కుకి ఫోనులో పెట్టుకునే రిమైండరు బాగా పనికొస్తుంది. అయితే దాన్ని ఏ తేదీకి పెట్టుకోవాలో తెలిసి ఉండాలి.

బ్యాంకు లింకేజీ రుణం సంఘం పేరు మీద ఉంటుంది. 1992లో నాబార్డు 500 సంఘాలతో ప్రయోగంగా మొదలుపెట్టినప్పటి నుంచీ పద్ధతి ఇదే. బ్యాంకుకి కనిపించేది ఒక్క ఖాతా, నెలకి ఒక్క వాయిదా. ఆ ఒక్క వాయిదా వెనక పదిమంది ఆడవాళ్లు విడివిడిగా కట్టిన డబ్బు ఉంటుంది. బ్యాంకు పంపే మెసేజీ ఆ ఖాతాకి ఇచ్చిన నంబరుకే వెళ్తుంది. సాధారణంగా అది లీడరు నంబరు. మిగతా తొమ్మిది మందికి ఆ కబురు లీడరు చెబితేనే తెలుస్తుంది.

ఒక సంఘాన్ని ఉదాహరణకి తీసుకుందాం. పదిమంది సభ్యులు, మూడు లక్షల టర్మ్ లోను, ఏడు శాతం వడ్డీ, 36 నెలల గడువు. నెల వాయిదా సుమారు 9,263 రూపాయలు. చిల్లర బెడద లేకుండా మనిషికి 930 చొప్పున వసూలు చేయాలని సంఘం తీర్మానం రాసుకుంది. ప్రతి నెలా ఐదో తేదీన సమావేశం, పదో తేదీన బ్యాంకు వాయిదా. మధ్యలో ఉన్న ఐదు రోజులు డబ్బు లెక్కపెట్టి, పుస్తకంలో రాసి, బ్యాంకులో జమ చేయడానికి. అందులో ఆదివారమో రెండో శనివారమో పడితే ఒకట్రెండు రోజులు అలాగే పోతాయి.

ఈ నెల ఒకామె డబ్బు తేలేదు. వసూలైంది 8,370. బ్యాంకు వాయిదాకి ఇంకా 893 రూపాయలు తక్కువ. తొమ్మిది మంది రూపాయితో సహా కట్టినా, బ్యాంకు లెక్కలో సంఘం మొత్తం బకాయి పడినట్టే. బకాయి 90 రోజులు దాటితే రుణం మొండి బాకీల జాబితాకి చేరుతుంది, ఆ తర్వాత కొత్త రుణం దొరకడం కష్టమవుతుంది. అంతదాకా పోకపోయినా, వడ్డీ రాయితీ పథకాలకి సకాలంలో కట్టడమే మొదటి షరతు. 893 రూపాయల లోటు పదిమంది రాయితీకీ అడ్డం పడొచ్చు.

ఇలాంటి సంఘంలో లీడరు సమావేశం చివర్లో రెండు నిమిషాలు మాట్లాడితే, ఆ మాటలు ఇలా ఉండొచ్చు:

"అక్కా, చెల్లీ, పుస్తకం మూసేముందు ఒక్క మాట. బ్యాంకు వాళ్ల మెసేజీ నా ఫోనుకే వస్తుంది, మీకు రాదు. నేను ఊళ్లో లేకపోతే మీకు చెప్పేవాళ్లుండరు. అందుకని ఎవరి ఫోనులో వాళ్లు రిమైండరు పెట్టుకుందాం. పదో తేదీకి పెట్టుకుంటే లాభం లేదు, అది బ్యాంకు తేదీ. మనం డబ్బు తేవాల్సింది ఐదుకి. కాబట్టి ప్రతి నెలా రెండో తేదీ పొద్దున్న మోగేలా పెట్టుకోండి. మోగగానే 930 తీసి పక్కన పెట్టండి. సర్దలేమనుకుంటే ఆ రోజే నాకు ఫోన్ చేయండి, మొహమాటపడొద్దు. ఐదో తేదీన చెబితే నేనేమీ చేయలేను. రెండో తేదీన చెబితే మన పొదుపులోంచి అప్పుగా ఇచ్చేందుకు అందరినీ అడుగుతాను. ఫోను వాడటం రాని వాళ్లకి పక్కనున్న వాళ్లు ఇప్పుడే పెట్టివ్వండి. అందరివీ పెట్టాకే లేద్దాం."

ఆ మాటల్లో అసలు విషయం మూడు రోజుల వ్యవధి. రిమైండరు డబ్బు పుట్టించలేదు, కట్టలేని సంగతిని మాత్రం ముందుగా బయటపెడుతుంది. రెండో తేదీనే తెలిస్తే సంఘం తన పొదుపులోంచి 930 రూపాయలు ఆమెకి అంతర్గత రుణంగా ఇవ్వవచ్చు. దాన్ని ఐదో తేదీ సమావేశంలో తీర్మానంగా రాసి, ఆమె పేరున పద్దు వేస్తారు. బ్యాంకుకి పూర్తి వాయిదా వెళ్తుంది. ఎవరి బాకీ ఎవరిదో పుస్తకంలో స్పష్టంగా ఉంటుంది కాబట్టి తర్వాత తగువు రాదు.

ఇక పెట్టుకునే పద్ధతి. పొద్దున్నే లేపే అలారం దీనికి సరిపోదు, ఎందుకంటే అది రోజూ మోగుతుంది, లేదా వారంలో ఎంచుకున్న రోజుల్లో మోగుతుంది. నెలకోసారి మోగాలంటే క్యాలెండరు వాడాలి. స్మార్ట్‌ఫోనులో Calendar తెరిచి, కూడిక గుర్తు నొక్కి, పేరు దగ్గర "సంఘం వాయిదా 930" అని రాయాలి. తేదీ రెండు, సమయం పొద్దున ఏడు గంటలు అని పెట్టాలి. మళ్లీ మళ్లీ రావడానికి నెలనెలా అన్నది ఎంచుకుని Save నొక్కాలి. చదవడం రానివాళ్లు పేరు స్థానంలో రూపాయి బొమ్మ పెట్టుకున్నా చాలు. లీడరు మాత్రం ఎనిమిదో తేదీకి ఇంకొకటి పెట్టుకోవాలి, బ్యాంకులో డబ్బు జమ అయిందో లేదో పాస్‌బుక్ చూసుకోవడానికి.

పెట్టినంత మాత్రాన మోగుతుందన్న నమ్మకం లేదు. కొన్ని ఫోన్లలో Calendar నోటిఫికేషన్లు ఆపేసి ఉంటాయి. ఇంకొన్నిటిలో శబ్దం తగ్గించి ఉంటుంది. మోగుతుందో లేదో అక్కడికక్కడే తేల్చుకోవచ్చు: ఐదు నిమిషాల తర్వాత మోగేలా ఒకటి పెట్టి, సమావేశం అయ్యేలోపు ఎవరి ఫోను మోగలేదో చూడాలి. మోగని ఫోను సెట్టింగుల్లో నోటిఫికేషన్లు తెరిచి సరిచేసుకోవాలి. నెలవారీ రిమైండరు లేని కీప్యాడ్ ఫోను ఉన్నవాళ్లకి రెండో తేదీన ఫోన్ చేసే బాధ్యత ఒక సభ్యురాలికి అప్పగించడం మేలు. ఇంట్లో ఒకే ఫోను ఉండి అది భర్త జేబులో తిరుగుతుంటే, మోగినప్పుడు ఏం చేయాలో ఆయనకీ చెప్పి ఉంచాలి.

వాయిదా పేరు చెప్పి మోసం చేసేవాళ్ల సంగతి కూడా అదే సమావేశంలో మాట్లాడుకోవాలి. ఈరోజే కట్టకపోతే ఖాతా ఆగిపోతుందంటూ లింకుతో మెసేజీ వస్తే ఆ లింకు నొక్కకూడదు. సొంత క్యాలెండరులో తేదీ, మొత్తం ముందే రాసుకున్న మనిషి అలాంటి మెసేజీని చూడగానే అనుమానిస్తుంది. తనకి తెలిసిన తేదీ వేరు, తెలిసిన మొత్తం వేరు. ఎవరికైనా ఓటీపీ చెప్పేసినా, డబ్బు పోయినా వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

లీడరు మారినప్పుడు బ్యాంకు మెసేజీలు పాత లీడరు ఫోనుకే వెళ్తూ ఉండొచ్చు. కొత్త లీడరు నంబరు మార్చమని మినిట్స్ పుస్తకంలో తీర్మానం రాసి, సభ్యుల సంతకాలతో బ్యాంకు శాఖలో ఇవ్వాలి. తర్వాత సంఘం ఖాతాలో పొదుపు జమ చేసినప్పుడు మెసేజీ ఏ ఫోనుకి వచ్చిందో చూస్తే మార్పు జరిగిందో లేదో తెలిసిపోతుంది. రుణం తీరి కొత్తది తీసుకుంటే వాయిదా మొత్తం, తేదీ రెండూ మారతాయి. కొత్త రుణం వాయిదా ఖాయమైన సమావేశంలోనే పదిమందీ పాత రిమైండరు తీసేసి కొత్తది పెట్టుకోవాలి.