మొదటి గంటలో డాక్టర్‌కు తెలిసిందేమిటి?

గుంటూరులో 52 ఏళ్ల ఉపాధ్యాయుడొకరు ఉన్నారనుకుందాం. ఓ రాత్రి ఒంటిగంటంపావుకు ఛాతీలో నొప్పి మొదలైంది, చెమటకు బనియన్ తడిసిపోయింది. పదేళ్లుగా షుగర్ ఉన్న మనిషి. ఆసుపత్రికి చేరేసరికి రెండు దాటింది. ఈసీజీలో చెప్పుకోదగ్గ తేడా లేదు, మొదటి ట్రోపోనిన్ పరీక్ష నార్మల్. అయినా డ్యూటీ డాక్టర్ ఇంటికి పంపలేదు. ఐసీయూలో చేర్చుకుని, రక్తం గడ్డకట్టకుండా మందులిచ్చి, ఆరు గంటలాగి ట్రోపోనిన్ మళ్లీ చేయించారు. అదీ నార్మలే. 30 గంటల తర్వాత ‘గ్యాస్ట్రైటిస్’ అని రాసి ఇంటికి పంపారు. బిల్లు 68,400 రూపాయలు.

ఆ తర్వాత బీమా కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది: కేవలం పరీక్షల కోసం చేరారు, ఎక్స్‌క్లూజన్ కోడ్ 04 కింద క్లెయిమ్ తిరస్కరిస్తున్నాం.

ఇలాంటప్పుడు కోపంతో రాసే మొదటి ఉత్తరం దాదాపు అందరిదీ ఒకేలా ఉంటుంది: ‘ఇన్నేళ్లు ప్రీమియం కట్టాం, అవసరానికి ఇలా చేస్తారా?’ ఆ బాధ నిజమైనదే. కానీ ఫైలును మళ్లీ చూసే వ్యక్తికి అందులో పట్టుకోవడానికి ఏమీ దొరకదు. ముందు ఆ నిబంధన చదవాలి. ‘ప్రధానంగా’ రోగ నిర్ధారణ పరీక్షల కోసమే చేరితే ఖర్చు ఇవ్వమని అది చెబుతుంది. పరీక్షలు జరిగినంత మాత్రాన చేరిక పరీక్షల కోసమే అయిపోదు.

కంపెనీ ఈ కథను చివరి నుంచి చదివింది. చివర గ్యాస్ట్రైటిస్ కనిపించింది కాబట్టి చేరడమే అనవసరం అంది. అప్పీలు మొదటి నుంచి చదివించాలి. గుండె కండరం దెబ్బతింటే ట్రోపోనిన్ రక్తంలోకి చేరి పెరగడానికి కొన్ని గంటలు పడుతుంది. నొప్పి మొదలైన గంటకు తీసిన రక్తంలో అది నార్మల్‌గా ఉందంటే గుండెపోటు లేదని కాదు, ఇంకా తెలియదని మాత్రమే. ఆ రాత్రి డాక్టర్ చేతిలో ఉన్న సమాచారం అంతే. పాలసీ పుస్తకంలో ‘ఎమర్జెన్సీ కేర్’ నిర్వచనం కూడా హఠాత్తుగా వచ్చిన లక్షణాల గురించి, ప్రాణానికి ముప్పు రాకుండా వెంటనే అందాల్సిన వైద్యం గురించి మాట్లాడుతుంది. ఆఖరికి ఏ జబ్బు తేలాలో అందులో లేదు.

కాబట్టి ఉత్తరం కంపెనీ గ్రీవెన్స్ అధికారి పేర, పాలసీ నంబరు, క్లెయిమ్ నంబరు, తిరస్కరణ తేదీతో మొదలై నేరుగా ఇక్కడికి రావాలి:

‘రాత్రి 2:10కి క్యాజువాలిటీకి చేరేటప్పటికి నాకు 55 నిమిషాలుగా ఛాతీ నొప్పి, చెమటలు ఉన్నాయి. బీపీ 170/100. షుగర్ రోగిని. ఈ వివరాలన్నీ క్యాజువాలిటీ నోట్‌లో ఉన్నాయి (జతపరచిన కాగితం 1). గుండెపోటు అనుమానంతో నన్ను చేర్చుకుని 2:40కి ఇంజెక్షన్ మొదలుపెట్టారు (నర్సుల మందుల చార్టు, కాగితం 2). రెండో ట్రోపోనిన్ వచ్చేదాకా ఇంటికి పంపడం ప్రమాదమని డాక్టర్ ధ్రువీకరించారు (కాగితం 3). చేరిక ప్రధానంగా చికిత్స, పర్యవేక్షణ కోసమే జరిగింది కాబట్టి ఎక్స్‌క్లూజన్ 04 దీనికి వర్తించదు. క్లెయిమ్‌ను పునఃపరిశీలించి 68,400 రూపాయలు చెల్లించగలరు.’

బలమంతా ఆ కాగితాల్లోనే ఉంది. చాలామంది డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే పంపుతారు, అందులో మొదటి గంట రెండు ముక్కల్లో తేలిపోతుంది. పైగా ‘పరీక్షల నిమిత్తం చేర్చుకున్నాం’ అని ఆసుపత్రివాళ్లు అలవాటుగా రాసే మాటే తిరస్కరణకు ఆధారమవుతుంది. అలా ఉంటే సమ్మరీని దిద్దించకండి. ఒకే చేరికకు రెండు రకాల సమ్మరీలు కనబడితే కంపెనీకి మోసమన్న అనుమానం వస్తుంది. ఎందుకు చేర్చుకోవాల్సి వచ్చిందో వివరిస్తూ చూసిన డాక్టర్ చేత విడిగా లేఖ రాయించండి. పూర్తి కేస్ షీట్ కావాలని రాతపూర్వకంగా అడగండి. వైద్య రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని డాక్టర్ల వృత్తి ప్రవర్తనపై 2002లో వచ్చిన నిబంధనలు చెబుతున్నాయి.

ప్రతి తిరస్కరణా తప్పు కాదు. కేస్ షీట్‌లో ఇంజెక్షన్ గానీ, గంట గంటకూ చూసిన బీపీ, పల్స్ గానీ లేకుండా స్కాన్లు, రక్తపరీక్షలే వరసగా ఉంటే ఎంత బాగా రాసినా ఈ వాదన నిలవదు. అందుకే రాయడానికి కూర్చోకముందే నర్సుల చార్టు తిరగేయాలి.

ఉత్తరం ఈమెయిల్‌లోనూ రిజిస్టర్డ్ పోస్టులోనూ పంపి రసీదు దాచుకోండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. తెలుగు రాష్ట్రాల రెండింటికీ ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. గడువు ఏడాది. అక్కడ ముందుగా అడిగేది కంపెనీకి మీరు రాసిన ఈ ఉత్తరం ప్రతినే.