అప్రైజల్‌కు ముందు ఒక అరపేజీ

మార్చి నెల సగం దాటిందంటే హైదరాబాద్‌లోని చాలా మెడికల్ కోడింగ్ ఆఫీసుల్లో ఒక మెయిల్ వస్తుంది. సెల్ఫ్ రివ్యూ పోర్టల్ తెరిచాం, ఫలానా తేదీలోగా నింపండి అని. రోజంతా వేళ్లు ఆగకుండా పనిచేసే కోడర్ ఆ ఖాళీ గడి ముందు మాత్రం తడబడతారు. చివరి రోజు షిఫ్ట్ అయిపోయే వేళకు ‘కష్టపడి పనిచేశాను, టార్గెట్లు అందుకున్నాను, టీమ్‌కు సహకరించాను’ అని రాసి సబ్మిట్ కొట్టేస్తారు. పక్క సీటులో కూర్చున్నవారూ అదే రాస్తారు. రెండు ఫారాల్లో పేర్లు మార్చేసినా ఎవరూ కనిపెట్టలేరు.

ఈ పని తెలియనివారి కోసం రెండు మాటలు. అమెరికాలో ఒక రోగి ఆసుపత్రికి వెళితే, డాక్టర్ రాసిన నోట్సు చదివి జబ్బుకు ఐసీడీ-10 కోడ్, చేసిన వైద్యానికి సీపీటీ కోడ్ వేయాలి. ఇన్సూరెన్స్ బిల్లుకు ఆ కోడ్లే ఆధారం. ఒక రోగి ఒకసారి వచ్చిన రికార్డును చార్ట్ అంటారు. బీఫార్మసీ, నర్సింగ్, ఫిజియోథెరపీ లాంటివి చదివి, అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుని ఈ ఉద్యోగాల్లోకి వచ్చినవారు తెలుగు రాష్ట్రాల్లో ఎందరో. వాళ్ల పనిని కొలిచేది రెండింటితో: ఎన్ని చార్టులు పూర్తిచేశారన్న ప్రొడక్షన్, ఆడిట్‌లో ఎన్ని సరిగ్గా తేలాయన్న క్వాలిటీ. క్వాలిటీకి 95 శాతం అన్నది చాలాచోట్ల వినిపించే గీత.

అన్నీ కంపెనీ సిస్టమ్‌లోనే ఉంటే మళ్లీ మనం రాయడం దేనికి అన్న ప్రశ్న సహజమే. జవాబు టీమ్ లీడ్ పరిస్థితిలో ఉంది. లీడ్ కింద ఇరవై మంది దాకా ఉంటారు. రేటింగులు ఖరారు చేసే మీటింగ్‌లో మేనేజర్ ఒక్కో పేరు చదివి ‘ఈ అమ్మాయికి ఈ రేటింగ్ ఎందుకు?’ అని అడుగుతారు. ఆ గదిలో కోడర్ ఉండరు. లీడ్ అప్పటికప్పుడు చెప్పగలిగే రెండు మూడు వాక్యాలే అక్కడ పనిచేస్తాయి. సెల్ఫ్ రివ్యూ ఆ వాక్యాలు అందించాలి. అందులోని అంకె లీడ్ షీట్‌తో సరిపోలాలి, సరిపోలకపోతే ఎందుకో కూడా అక్కడే ఉండాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. అంకెలు ఊహించినవే, లెక్క కట్టే తీరు మాత్రం రోజూ జరిగేదే. రేడియాలజీ నుంచి ఎమర్జెన్సీ విభాగం చార్టులకు మారిన ఒక కోడర్, అక్టోబర్ నుంచి మార్చి దాకా ఆరు నెలలకు రివ్యూ రాయాలి. రోజువారీ టార్గెట్ 80 చార్టులు. సెలవులు పోగా ఆమె పనిచేసింది 115 రోజులు, పూర్తిచేసింది 9,156 చార్టులు.

115ను 80తో గుణిస్తే 9,200. అంటే 99.5 శాతం, టార్గెట్‌కు ఒక వెంట్రుకవాసి తక్కువ. లీడ్ షీట్‌లో కనిపించేది ఇదే. అయితే ఆ 115 రోజుల్లో నాలుగు రోజులు కొత్త స్పెషాలిటీ ట్రైనింగ్‌కు పోయాయి. సర్వర్ పడిపోయి, లాగిన్ కాక పోయిన గంటలన్నీ కలిపితే మరో రెండు రోజులు. సెలవును సిస్టమ్ దానంతటదే తీసేస్తుంది. ట్రైనింగ్, డౌన్‌టైమ్ అలా కాదు, ఎవరో ఒకరు నమోదు చేస్తేనే తగ్గుతాయి. ఆ ఆరు రోజులూ తీసేస్తే మిగిలేది 109 రోజులు, టార్గెట్ 8,720, సాధించింది 105 శాతం. చార్టుల సంఖ్య మారలేదు, దాన్ని దేనితో భాగించామన్నదే మారింది. వంద దగ్గర గీత గీసే కంపెనీలో ఈ తేడాతో రేటింగే మారిపోవచ్చు.

అందుకే ‘9,156 చార్టులు చేశాను’ అని ఒంటరిగా రాస్తే ప్రయోజనం లేదు. ఎన్ని రోజుల్లో, ఏ టార్గెట్ మీద, ఏవి మినహాయించి అన్నది వెంటే ఉండాలి. మినహాయించిన గంటలకు ఆధారం కావాలి: డౌన్‌టైమ్ టికెట్, ట్రైనింగ్ హాజరు, లీడ్ పంపిన మెయిల్. ఆధారం దొరకని గంటలను వదిలేయడమే మంచిది. రెండు గంటల కోసం వాదన పెట్టుకుంటే మిగతా అంకెల మీద కూడా అనుమానం వస్తుంది.

క్వాలిటీ లెక్కలో మెలికలు ఇంకా ఎక్కువ. ఆడిటర్ అన్ని చార్టులూ చూడరు, కొన్ని తీసి చూస్తారు. మన ఉదాహరణలో 460 చార్టులు చూశారనుకుందాం. వాటిలో కోడ్లు మొత్తం 2,300, తప్పు పడినవి 69. కోడ్ల లెక్కన 97 శాతం. కానీ ఆ 69 తప్పులూ 46 చార్టుల్లో ఉన్నాయి. ఒక్క తప్పున్నా చార్ట్ మొత్తం తప్పే అనే పద్ధతిలో చూస్తే 90 శాతం. రెండూ నిజమే. కంపెనీ ఏ పద్ధతి వాడుతుందో కనుక్కుని ఆ అంకెనే రాయాలి. బాగా కనిపించే పద్ధతి ఎంచుకుని రాస్తే చర్చ మొదటి నిమిషంలోనే తేలిపోతుంది.

రిబట్టల్స్ సంగతి చాలామంది మరిచిపోతారు. ఆడిటర్ తప్పు వేస్తే, డాక్టర్ నోట్సులోని వాక్యం చూపించి గడువులోగా అభ్యంతరం చెప్పుకునే వీలుంటుంది. ఈ కోడర్‌కు మొదట పడినవి 78 తప్పులు, వాటిలో తొమ్మిది వెనక్కి తీసుకున్నారు. అందుకే 69. కానీ నెలవారీ షీట్ అప్పటికే తయారైపోయి, ఆ తొమ్మిదీ అందులో దిద్దకపోతే స్కోరు 96.6 దగ్గరే ఆగిపోతుంది. కనుక రివ్యూకు కూర్చునే ముందు, ఒప్పుకున్న రిబట్టల్స్ అన్నీ షీట్‌లో ఎక్కాయో లేదో ఒకసారి చూసుకోవాలి. చిన్న శాంపిల్ నెలలతో మరో చిక్కుంది. చార్టు లెక్కన చూసేచోట ఒక నెలలో ఇరవై చార్టులే ఆడిట్ అయితే ఒక్క తప్పుకే అయిదు శాతం పడిపోతుంది. అలాంటి నెలనూ వంద చార్టులు చూసిన నెలనూ పక్కపక్కన పెట్టి సగటు తీస్తే ఆ అంకెకు అర్థం ఉండదు. మొత్తం తప్పులను మొత్తం కోడ్లతో ఒకేసారి లెక్కేయాలి.

ఇక ఉదాహరణ. అంకెలు ఎలాగూ లీడ్ దగ్గర ఉంటాయి, ఉదాహరణ మాత్రం కోడర్ చెబితేనే తెలుస్తుంది. రివ్యూలో ఎక్కువ బరువు దానిదే అనిపిస్తుంది.

ఎమర్జెన్సీకి రోగి వచ్చాడు. కిందపడి నుదుటి మీద రెండు చోట్ల చీరుకుంది, ఒకటి రెండు సెంటీమీటర్లు, రెండోది ఒకటిన్నర. డాక్టర్ రెండింటికీ మామూలు కుట్లు వేశారు. ముఖం మీద రెండున్నర సెంటీమీటర్ల లోపు సాధారణ కుట్లకు కోడ్ 12011. గాయాలు రెండు కదా అని కొత్త కోడర్ 12011 రెండుసార్లు వేస్తారు. అది తప్పు. ఒకే రకం కుట్లు, ఒకే శరీర భాగాల గుంపు అయితే పొడవులు కలపాలి. కలిపితే మూడున్నర, అప్పుడు వేయాల్సింది 12013 ఒక్కసారే. రెండో గాయం నుదుటి మీద కాక తల వెంట్రుకల మధ్య ఉంటే మాత్రం కలపకూడదు, ఆ గుంపు వేరు.

మన కోడర్‌కు మొదటి మూడు నెలల్లో ఎక్కువ దెబ్బ తగిలింది ఇక్కడే. ఆడిట్ అయిన కుట్ల చార్టులు 41, వాటిలో తప్పులు 14. డిసెంబర్ చివర ఆమె ఆ పద్నాలుగూ ముందేసుకుని చూస్తే చాలావరకు ఈ పొడవుల కూడికే. కోడ్ వేసేముందు చూసుకోవడానికి మూడు ప్రశ్నలు రాసుకున్నారు: కుట్లు ఏ రకం, ఏ గుంపు, మొత్తం పొడవెంత? జనవరి నుంచి మార్చి దాకా ఆడిట్ అయిన కుట్ల చార్టులు 44, తప్పులు మూడు. ఆ ప్రశ్నలనే లీడ్ అనుమతితో కొత్తగా చేరినవారికి ఇచ్చారు. ఇక్కడ 41, 44 అన్న అంకెలు వదిలేస్తే కథ బలహీనపడుతుంది. ‘తప్పులు 14 నుంచి మూడుకు తగ్గాయి’ అంటే ‘అసలు అలాంటి చార్టులే తక్కువ వచ్చాయేమో’ అని ఎవరైనా అడగొచ్చు.

ఉదాహరణ రాసేటప్పుడు దాటకూడని హద్దు ఒకటి ఉంది. రోగి పేరు, పుట్టిన తేదీ, మెడికల్ రికార్డ్ నంబర్, అకౌంట్ నంబర్, స్క్రీన్‌షాట్ ఏవీ రివ్యూలోకి రాకూడదు. అమెరికాలో 1996లో వచ్చిన హిపా చట్టం రోగి వివరాల గోప్యతకు ఆధారం, ఇక్కడ కూర్చుని పనిచేసే కంపెనీలూ ఒప్పందాల ద్వారా దానికి కట్టుబడి ఉంటాయి. చాలా ఫ్లోర్లలోకి ఫోను, కాగితం, పెన్ను కూడా రానివ్వరు. కాబట్టి ఇంటి డైరీలో చార్టులు రాసుకోవడం కుదరదు. కంపెనీ సిస్టమ్‌లోనే అనుమతి ఉన్న చోట, వారానికోసారి రెండు లైన్లు రాసి పెట్టుకుంటే చాలు. అలా చేయనివారి రివ్యూ చదివితే ఇట్టే తెలిసిపోతుంది. అందులో ఫిబ్రవరి, మార్చి తప్ప వేరే నెలలు కనబడవు.

తగ్గిన నెల గురించి రాయాలా వద్దా? నవంబర్‌లో ఆమె క్వాలిటీ 94 శాతం, గీతకు కింద. దాచినా లీడ్ షీట్‌లో ఎర్ర రంగులో ఉండనే ఉంటుంది. ఒక్క వాక్యంలో చెప్పేసి, కారణం, తర్వాతి స్థితి జోడిస్తే సరిపోతుంది. క్షమాపణల ధోరణి అక్కర్లేదు, ఆడిటర్ మీద ఫిర్యాదూ అక్కర్లేదు.

ఇన్ని లెక్కలూ చివరకు అరపేజీకి కుదురుతాయి. రాసేది ఇంగ్లిష్‌లోనే అయినా సారాంశం ఇలా ఉంటుంది:

‘అక్టోబర్–మార్చి: 9,156 చార్టులు. ట్రైనింగ్ నాలుగు రోజులు, టికెట్లున్న డౌన్‌టైమ్ రెండు రోజులు మినహాయించి 109 రోజులకు టార్గెట్ 8,720, సాధించింది 105 శాతం. మినహాయించకపోతే 99.5. క్వాలిటీ కోడ్ల లెక్కన 97.0 (2,300లో 69 తప్పులు, ఒప్పుకున్న తొమ్మిది రిబట్టల్స్ తీసేశాక). స్పెషాలిటీ మారిన రెండో నెల నవంబర్‌లో 94, ఆ తర్వాత ఏ నెలా 95కు తగ్గలేదు. కుట్ల కోడింగ్‌లో తప్పులు 41 చార్టుల్లో 14 నుంచి 44 చార్టుల్లో మూడుకు తగ్గాయి. ఆ చెక్‌లిస్టు ఇప్పుడు కొత్తవారికి ఇస్తున్నారు.’

మినహాయించకముందు అంకె కూడా ఇందులో ఉండటం గమనించాలి. లీడ్ షీట్‌లోని 99.5కూ ఫారంలోని 105కూ తేడా ఎక్కడ వచ్చిందో అడగకముందే కనిపిస్తుంది.

ఈ అరపేజీ చేయలేనివీ ఉన్నాయి. ఎన్ని చేశామన్న లెక్క చార్ట్ ఎంత కష్టమో చెప్పదు. జ్వరంతో వచ్చిన రోగి చార్టూ, రోడ్డు ప్రమాదంలో పది గాయాలతో వచ్చిన రోగి చార్టూ ప్రొడక్షన్‌లో ఒకటే. కష్టమైనవి ఎక్కువ చేసినవారు వర్క్‌లిస్ట్ రిపోర్టులో వాటి వాటా ఎంతో చూపించగలిగితేనే ఆ మాట నిలుస్తుంది. ఒక్కో రేటింగ్‌లో ఇంతమందే ఉండాలన్న పరిమితి, జీతాల పెంపుకు ముందే కేటాయించిన మొత్తం, ఇవి కోడర్ చేతిలోనూ లేవు, చాలాసార్లు లీడ్ చేతిలోనూ లేవు.

చర్చ రోజున ఎక్కువగా తేలాల్సింది అంకెల తేడాయే. ‘సార్, మీ షీట్‌లో ట్రైనింగ్ రోజులు కూడా కలిసినట్టున్నాయి, ఒకసారి చూస్తారా?’ అని అడిగితే చాలావరకు అక్కడే సర్దుకుంటుంది. సర్దుకోకపోతే, కామెంట్ల గడి ఉన్న ఫారంలో టికెట్ నంబర్లతో సహా ఆ తేడా రాసి, ఆ తర్వాతే ఒప్పుకున్నట్టు క్లిక్ చేయాలి. ఒకసారి క్లిక్ చేశాక ఫారం లాక్ అయిపోయే పోర్టల్స్ ఉన్నాయి.