108 చీటీ నుంచి క్యాజువాలిటీకి: అపోహలు – వాస్తవాలు

పెనుకొండ దగ్గర 44వ జాతీయ రహదారి మీద ప్రమాదం జరిగిందనుకుందాం. హిందూపురం జిల్లా ఆసుపత్రికి బయలుదేరిన 108లో కుదుపుల మధ్య ఈఎంటీ రాసిన చీటీ ఇలా ఉంటుంది:

"45 మగ. బైక్–లారీ, రా. 9.10. 9.25: బీపీ 110/70, పల్స్ 104, జీసీఎస్ 14. 9.45: 90/60, 124, ఈ3 వీ4 ఎం5. కుడి తొడ వాపు, వంకర. ఆల్క. వాసన. ఆక్సిజన్, ఆర్‌ఎల్ 500, స్ప్లింట్."

బండి చేరేలోపు దీన్ని క్యాజువాలిటీ కోసం తిరగరాయాలి.

అపోహ: అదే వరుసలో శుభ్రంగా ఎత్తిరాస్తే చాలు.

వాస్తవం: డ్యూటీ డాక్టరుకు ముందు కావలసింది దేనికి సిద్ధపడాలన్నదే. కాబట్టి మొదటి వాక్యం ఇలా ఉండాలి: "45 ఏళ్ల పురుషుడు, బైక్–లారీ ప్రమాదం, 20 నిమిషాల్లో బీపీ 110/70 నుంచి 90/60కి, జీసీఎస్ 14 నుంచి 12కి పడింది, పల్స్ 104 నుంచి 124కి పెరిగింది." చివరి అంకెలొక్కటే రాస్తే ఈ పతనం కనబడదు. రక్తస్రావాన్ని అనుమానించి, రక్తం సిద్ధం చేయమని చెప్పేది ఆ పతనమే. ఆ తర్వాత గాయాలు, చేసిన చికిత్స రాయాలి. ఎన్నింటికి వస్తారో పైలట్‌ను అడిగి చేర్చాలి.

అపోహ: ఈఎంటీ ముక్కల్ని డాక్టరు భాషలోకి మార్చాలి.

వాస్తవం: ఎక్కువ ప్రమాదం ఇక్కడే. "వాపు, వంకర" అన్నదాన్ని "తొడ ఎముక విరిగింది" అని రాయకూడదు, ఎక్స్‌రే ఇంకా తీయలేదు. "ఆల్క. వాసన" కాస్తా "తాగి ఉన్నాడు" అయిందంటే, స్పృహ తగ్గడాన్ని మత్తు ఖాతాలో వేసి తలగాయాన్ని వదిలేసే అవకాశం ఉంది. "మద్యం వాసన ఉందని ఈఎంటీ నమోదు" అంటే సరిపోతుంది. ఆర్‌ఎల్ 500 ఎక్కించడం మొదలైందా, మొత్తం ఎక్కిందా? చీటీ చెప్పలేదు, మనమూ చెప్పకూడదు.

అపోహ: రాయలేదంటే లేనట్టే.

వాస్తవం: ఈ చీటీలో షుగర్ లేదు, ఆక్సిజన్ శాతం లేదు, వాంతుల ప్రస్తావన లేదు. మూడింటికీ "నమోదు కాలేదు" అనే రాయాలి. షుగర్ పడిపోయినా స్పృహ తగ్గుతుంది కాబట్టి, ఆ ఖాళీ కనబడితేనే వచ్చీ రాగానే పరీక్ష చేస్తారు. అంకెల్లో తేడా ఉన్నా ఇంతే. ఈ3, వీ4, ఎం5 కలిపితే 12. పక్కన 13 అని ఉంటే మన లెక్కతో దిద్దకుండా రెండూ రాసి, ఈఎంటీకి ఫోన్ చేసి తేల్చుకోవాలి.

ధర్మవరం వైపు నుంచి పురుగుమందు తాగిన కేసు వస్తున్నప్పుడైతే "పాయిజన్" అన్న ఒక్క మాట ఎందుకూ పనికిరాదు. డబ్బా బండిలో ఉంటే లేబుల్ మీది మందు పేరు ఒక్కో అక్షరం చదివించుకుని రాయండి. విరుగుడు ఉందా లేదా అన్నది దాన్నిబట్టే తేలుతుంది.

ముందుగా పంపిన సారాంశం చీటీకి బదులు కాదు. బండి వచ్చాక అసలు చీటీని కేస్‌షీటుకు జతచేయండి.