నాణేలు చూపిస్తే సరిపోదు, అప్పులు కూడా చూపాలి

2011లో మౌంట్ గాక్స్ అనే బిట్‌కాయిన్ ఎక్స్ఛేంజ్ దగ్గర అసలు నాణేలు ఉన్నాయా అని కస్టమర్లకు అనుమానం వచ్చింది. అప్పుడు టోక్యోలోని ఆ కంపెనీ ముందే చెప్పి మరీ 4,24,242 బిట్‌కాయిన్లను ఒక చోటినుంచి మరో చోటికి పంపింది. బ్లాక్‌చెయిన్‌లో ఆ బదిలీ అందరికీ కనిపించింది. ప్రైవేట్ కీ ఉన్నవాళ్లే అలా పంపగలరు కాబట్టి నాణేలు వాళ్ల చేతిలో ఉన్నట్టే. అనుమానాలు సద్దుమణిగాయి. 2014 ఫిబ్రవరిలో అదే కంపెనీ దాదాపు 8.5 లక్షల బిట్‌కాయిన్లు పోయాయంటూ దివాలా తీసింది.

2011లో చూపిన నాణేలు నిజమైనవే. కానీ కస్టమర్లకు మొత్తం ఎంత ఇవ్వాలో ఆ బదిలీ చెప్పలేదు. చిట్టీలు నడిపే మనిషి బీరువా తెరిచి నోట్ల కట్టలు చూపించి, ఎవరికెంత బాకీ ఉన్నాడో రాసుకున్న పుస్తకం మాత్రం దాచిపెడితే ఎలా ఉంటుందో, ఇదీ అంతే. 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ కుప్పకూలాక చాలా ఎక్స్ఛేంజీలు పోటీపడి ప్రకటించిన ‘ప్రూఫ్ ఆఫ్ రిజర్వ్స్’ను చదివేటప్పుడు ముందుగా చూడాల్సింది ఈ బాకీల లెక్కనే.

ఆ లెక్క బయటపెట్టడంలో ఒక చిక్కుంది. ఎవరి ఖాతాలో ఎంతుందో ఊరందరికీ చెప్పలేరు. దానికి వాడేది మర్కిల్ ట్రీ. రమణకు 5, సలీంకు 3, లక్ష్మికి 10, విజయకు 2 నాణేలు ఉన్నాయనుకుందాం. ఒక్కొక్కరి ఖాతా వివరాన్నీ నిల్వనూ కలిపి హ్యాష్ తీస్తారు. హ్యాష్ అంటే లెక్కలో ఒక్క అంకె మారినా పూర్తిగా మారిపోయే గుర్తు. రమణ, సలీంల గుర్తులను జతచేసి, మొత్తం 8 అని రాసి, మళ్లీ హ్యాష్ తీస్తారు. లక్ష్మి, విజయల జతకు 12. చివరికి ఆ రెంటినీ కలిపితే 20. ఈ పైగుర్తునూ, 20 అనే మొత్తాన్నీ ఎక్స్ఛేంజ్ అందరిముందూ ప్రకటిస్తుంది.

లక్ష్మి సరిచూసుకోవడానికి విజయ గుర్తు, 2 అనే అంకె, అవతలి జత గుర్తు, 8 అనే అంకె చాలు. పేర్లు తెలియవు. తన 10తో మొదలుపెట్టి కలుపుకుంటూ పోతే ప్రకటించిన గుర్తే రావాలి. రాకపోతే తన లెక్క మార్చారనో, అసలు చేర్చలేదనో అర్థం. పది లక్షల మంది కస్టమర్లున్నా ఈ మెట్లు ఇరవైకి మించవు.

ఇందులోనూ మోసానికి సందు ఉంది. విజయ స్థానంలో ఒక దొంగఖాతా పెట్టి, దానికి మైనస్ 9 నిల్వ రాశారనుకోండి. అప్పుడు ఆ జత మొత్తం 1, చెట్టు మొత్తం 9. ఇవ్వాల్సింది 18 నాణేలైతే సగమే చూపించారన్నమాట. రమణకూ సలీంకూ అవతలి జత 1 అని మాత్రమే కనిపిస్తుంది, తప్పేమీ తోచదు. ఆ మైనస్ కనబడేది లక్ష్మికి మాత్రమే. ఆమె చూసుకోకపోతే మోసం సాగిపోతుంది. అందుకే ఏ ఖాతాలోనూ మైనస్ లేదని, అంకెలు బయటపెట్టకుండానే నిరూపించే జీరో నాలెడ్జ్ ప్రూఫ్‌ను ఇప్పుడు జోడిస్తున్నారు. బైనాన్స్ 2023లో ఈ పద్ధతిని తెచ్చింది.

అయినా ఈ చెట్టులోకి రానివి కొన్ని ఉంటాయి. లెక్క తీసిన రోజుకి మాత్రమే నాణేలు అప్పు తెచ్చి పెట్టుకుంటే, నిల్వ నిండుగానే కనిపిస్తుంది. బ్యాంకులకో, మరో కంపెనీకో తీర్చాల్సిన బాకీలు కస్టమర్ల చెట్టులో ఉండవు. ఎఫ్‌టీఎక్స్‌లో కస్టమర్ల సొమ్ము అలమెడా రీసెర్చ్ అనే సోదర సంస్థకు వెళ్లిపోయింది. ఇక దొంగతనాన్ని ఏ నివేదికా ఆపలేదు. మన దేశపు వజీర్‌ఎక్స్ నుంచి 2024 జూలై 18న 23 కోట్ల డాలర్లకు పైగా విలువైన నాణేలు దొంగల పాలయ్యాయి. అందువల్ల ఏ నివేదికలోనైనా తేదీ చూడాలి. ఆరు నెలల కిందటి నిల్వ ఈరోజు గురించి ఏమీ చెప్పదు.

కస్టమర్లు ఎంతమంది సరిచూసుకుంటారన్నదే చివరికి ఈ పద్ధతికి బలం. ప్రతి వందమందిలో ఐదుగురు చూసుకుంటున్నారనుకుందాం. ఎక్స్ఛేంజ్ యాభై ఖాతాలను యథాలాపంగా దాచేస్తే, వాటిలో కనీసం ఒకటైనా బయటపడే అవకాశం 92 శాతం. పది ఖాతాలే దాచితే అది 40 శాతానికి పడిపోతుంది. అయితే దాచాలనుకున్నవాళ్లు యథాలాపంగా ఎందుకు దాచుతారు? ఏళ్ల తరబడి లాగిన్ కాని ఖాతాలేవో ఎక్స్ఛేంజ్‌కు బాగా తెలుసు. వదిలేయడానికి తేలికైనవి అవే. కొనిపెట్టి మరిచిపోయిన నాణేలు ఉన్నవాళ్లు, లాగిన్ అయి తమ ఖాతా ఆ చెట్టులో ఉందో లేదో ఒకసారి చూసుకోవాలి.