తలంబ్రాలు కుదుపు లేకుండా కురవాలంటే

పెళ్లి వీడియోలో తలంబ్రాల ఘట్టం వచ్చిందంటే ఎడిటర్ చెయ్యి ఊరుకోదు. వధూవరులు దోసిళ్లెత్తగానే ఫ్రేమ్ దగ్గరవుతుంది, కాస్త పక్కకి జరుగుతుంది, బియ్యం జారే క్షణంలో వేగం తగ్గుతుంది. జూమ్, ప్యాన్, స్పీడ్ ర్యాంప్ మూడూ ఒకేచోట పడతాయి. బాగా కుదిరితే ఇన్ని పనులు జరిగాయని చూసేవాళ్లకి తెలియనే తెలియదు. కుదరకపోతే బొమ్మ గతుక్కుమంటుంది, ఆగి ఆగి కదులుతుంది. కారణం ఏమిటో తోచక ఎడిటర్ ఇంకో నాలుగు కీఫ్రేమ్‌లు పెడతాడు. దాంతో కుదుపు ఇంకా పెరుగుతుంది.

అసలు సంగతి ఇది. మన టైమ్‌లైన్‌లో సెకనుకి 25 బొమ్మలు నడుస్తుంటాయి. ఒక బొమ్మ నుంచి తర్వాతి బొమ్మకి ఎంత కదిలిందన్నదే కన్ను పట్టుకుంటుంది. ఆ అడుగు సమంగా ఉన్నా, మెల్లగా పెరుగుతూ తగ్గుతూ ఉన్నా కంటికి హాయిగా ఉంటుంది. ఒకసారి పెద్దది, ఒకసారి చిన్నది, ఒకసారి అసలు లేనిదీ అయితే చిరాకు పుడుతుంది. కీఫ్రేమ్‌తో మనం చెప్పేది ‘ఈ క్షణానికి ఇక్కడ ఉండాలి’ అని మాత్రమే. మధ్యలో అడుగులు ఎలా పడాలో నిర్ణయించేది వాటిని కలిపే గీత. అందుకే పని చెయ్యాల్సింది గీత మీద.

ఒక క్లిప్ తీసుకుందాం. 4కెలో, సెకనుకి 50 ఫ్రేమ్‌లతో తీసింది. టైమ్‌లైన్ 1920 x 1080, 25 ఫ్రేమ్‌లు. సాఫ్ట్‌వేర్ డావిన్చీ రిజాల్వ్. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 25, 50 ఫ్రేమ్‌లకి 1/50, 1/100 షట్టర్ పెడితే ఫంక్షన్ హాలు లైట్ల మినుకు చాలావరకు తప్పుతుంది.

ముందు వేగం సంగతి తేల్చుకోవాలి, జూమ్ తర్వాత. వేగం మారిస్తే క్లిప్ నిడివే మారిపోతుంది, అంతకుముందు కుదుర్చుకున్న జూమ్ సమయాలన్నీ మళ్లీ చూసుకోవాల్సి వస్తుంది.

మన క్లిప్ మామూలు వేగంతో నడిచేటప్పుడు 25 ఫ్రేమ్‌ల టైమ్‌లైన్ రెండు ఫ్రేమ్‌లకి ఒకటి చొప్పున తీసుకుంటుంది. 50 శాతానికి తగ్గిస్తే ప్రతి ఫ్రేమూ వరసగా వస్తుంది. ఈ రెండు వేగాల్లోనూ అడుగు సమానమే కాబట్టి కదలిక నున్నగా ఉంటుంది. 70 శాతం పెడితే ఒక్కో బొమ్మకి 1.4 ఫ్రేమ్‌లు ముందుకి జరగాలి. అలాంటి ఫ్రేమ్ లేదు కదా! అందుకని సాఫ్ట్‌వేర్ ఒకటి, రెండు, ఒకటి, రెండు, ఒకటి అని దూకుతుంది. మనకి కనపడే కుదుపు ఆ దూకుడే. 25 శాతానికి దిగితే ప్రతి ఫ్రేమూ రెండేసిసార్లు కనపడుతుంది, బియ్యపు గింజలు గాల్లో ఆగి ఆగి పడతాయి. కాబట్టి ఈ క్లిప్‌కి నిలకడగా ఉండదగ్గ వేగాలు 100, 50. మధ్య వేగాల మీదుగా వెళ్లక తప్పదు గానీ, అక్కడ ఎక్కువసేపు ఉండకూడదు. అర సెకను, అంటే పన్నెండు పదమూడు ఫ్రేమ్‌ల మలుపు సరిపోతుంది.

రిజాల్వ్‌లో క్లిప్‌ని ఎంచుకుని Ctrl+R నొక్కితే వేగం పట్టీ వస్తుంది. వేళ్ల సందుల్లోంచి మొదటి గింజలు జారే ఫ్రేమ్ దగ్గర Add Speed Point పెట్టాలి. బియ్యం భుజాల మీంచి జారిపోయి నవ్వులు మొదలయ్యే చోట ఇంకొకటి. మధ్య భాగానికి 50 శాతం. ఇంతటితో వదిలేస్తే వేగం ఒక్క ఫ్రేమ్‌లో సగానికి పడిపోతుంది, సడెన్ బ్రేక్ వేసిన బస్సులో ముందుకి తూలినట్టుంటుంది. అందుకని Retime Curve తెరిచి, ఆ స్పీడ్ పాయింట్ ఎంచుకుని వంపు బటన్ నొక్కి, పిడిని పక్కకి లాగాలి. నిట్టనిలువుగా ఉన్న మెట్టు వాలుగా మారుతుంది. వాలు గింజలు జారే ఫ్రేమ్‌కి కాస్త ముందే మొదలైతే ఆ క్షణానికి వేగం తగ్గి ఉంటుంది. మేళం, మంత్రాల శబ్దాన్ని ఈ క్లిప్ నుంచి విడదీసి మామూలు వేగంతోనే నడపాలి.

ఇక్కడ చాలామంది Optical Flow వైపు చూస్తారు. లేని ఫ్రేమ్‌లని అది పక్కపక్క ఫ్రేముల్లోని కదలికని లెక్కగట్టి తయారుచేస్తుంది. నడిచే మనిషికో, వెళ్లే కారుకో బాగానే పనిచేస్తుంది. తలంబ్రాలకి మాత్రం నేను వద్దంటాను. వందల గింజలు ఒకదాన్నొకటి దాటుకుంటూ పడుతుంటే ఏ గింజ ఎటు పోయిందో దానికి అంతుపట్టదు. బాణం మీటతో ఒక్కొక్క ఫ్రేమే జరిపి చూడండి, గింజలు సాగి కలిసిపోవడం, బాసికం అంచు వంకర తిరగడం కనపడుతుంది. Frame Blend పెడితే రెండు ఫ్రేమ్‌లు ఒకదానిమీద ఒకటి పరుచుకుని చేతులకి నీడలొస్తాయి. నిజంగా తీసిన ఫ్రేమ్‌లతో 50 శాతం దగ్గరే ఆగడం మేలు.

ఇక జూమ్, ప్యాన్. 4కె బొమ్మ కాబట్టి రెండింతల వరకు దగ్గరికెళ్లినా స్పష్టత తగ్గదు. మనకి అంత అక్కర్లేదు. Inspectorలో Zoom 1.00 నుంచి 1.30కి, నాలుగు సెకన్లలో, అంటే 100 ఫ్రేముల్లో పెంచుదాం. అంచుల్లో బొమ్మ మొత్తం 288 పిక్సెళ్లు జరుగుతుంది, ఫ్రేమ్‌కి సుమారు మూడు. అది హాయైన అడుగు. అదే పది సెకన్లకి 1.05 మాత్రమే పెడితే ఫ్రేమ్‌కి పిక్సెల్‌లో అయిదో వంతు కదలాలి. అంత మెల్లని కదలికలో జరీ అంచులు, అక్షరాలు మిలమిలలాడుతూ పాకినట్టుంటాయి. మరీ నెమ్మదైనా ఇబ్బందే. ప్యాన్ మరీ వేగమైనా ఇబ్బందే. ఒక వస్తువు తెర ఈ చివర నుంచి ఆ చివరకి దాటడానికి ఏడు సెకన్లు పట్టాలని కెమెరామెన్ అనుకునే పాత లెక్క ఒకటుంది. పైగా ఎడిటింగ్‌లో చేసిన ప్యాన్‌కి నిజం కెమెరా తిప్పినప్పుడు వచ్చే మసక రాదు, అందుకే వేగం పెంచిన కొద్దీ దాని అడుగులు ఇంకా కొట్టొచ్చినట్టు కనపడతాయి.

Zoomకీ Positionకీ మొదటి కీఫ్రేమ్ ఒకే చోట, చివరిదీ ఒకే చోట ఉండాలి. ఒకటి ముందు ఆగి రెండోది ఇంకా నడుస్తుంటే వధువు ముఖం తిన్నగా మధ్యకి రాకుండా వంకరదారి పడుతుంది. రెండింటికీ ఒకే రకం ఈజ్ ఇవ్వాలి. కీఫ్రేమ్ మీద రైట్‌క్లిక్ చేస్తే ఆ ఎంపికలు వస్తాయి. తిన్నటి గీత రెండు చివర్లా వంగితే కదలిక మెల్లగా మొదలై మెల్లగా ఆగుతుంది. మధ్యలో మూడో కీఫ్రేమ్ పెట్టి దానికీ ఈజ్ ఇస్తే అక్కడ కదలిక ఒకసారి ఆగి మళ్లీ బయల్దేరుతుంది. అనుమానం వచ్చిన ప్రతిసారీ నడిమి కీఫ్రేమ్‌ని తీసేసి చూడండి, చాలాసార్లు జబ్బు అక్కడే ఉంటుంది. ఇంకో మాట: జూమ్‌ని స్పీడ్ ర్యాంప్ మొదలైన ఫ్రేమ్‌లోనే మొదలుపెట్టొద్దు. ఒక సెకను ముందే కదలనివ్వండి. లేకపోతే రెండు మార్పులూ ఒక్కసారే తగిలి కన్ను ఉలిక్కిపడుతుంది.

అన్నీ సరిచేశాక కూడా కుదుపు కనపడితే తప్పు ఎడిట్‌లోనే ఉందని అనుకోకండి. కంప్యూటర్ ప్రివ్యూలో ఫ్రేమ్‌లు వదిలేస్తూ ఉండొచ్చు. వ్యూయర్ పైన కనపడే ఫ్రేమ్ రేటు 25కి తగ్గుతుంటే ఆ పది సెకన్లూ రెండర్ చేసి చూడండి. ఫైల్లో నున్నగా ఉంటే మీ కీఫ్రేమ్‌లు సరిగ్గానే ఉన్నట్టు.

తలంబ్రాలు ఇంకా నెమ్మదిగా, 25 శాతంతో కురవాలని ఉంటే ఆ మాట ముహూర్తానికి ముందే కెమెరామెన్‌తో చెప్పండి. ఆ కాసేపూ 100 ఫ్రేమ్‌లతో తీయమనండి. తియ్యని ఫ్రేమ్‌ని ఎడిటింగ్ టేబుల్ మీద నమ్మకంగా పుట్టించడం ఎవరి చేతా కాదు.