వినబడుతుంది, అర్థం కాదు

మా బాబాయికి 68 ఏళ్లు. పక్కగదిలో గడియారం చప్పుడు ఆయనకి వినబడుతుంది. వంటింట్లో పిన్ని తనలో తాను గొణుక్కున్నా వినబడుతుంది, దానికి జవాబు కూడా చెబుతాడు. అలాంటి మనిషి, మనవరాలి పుట్టినరోజుకి అందరం రెస్టారెంటుకి వెళ్లినప్పుడు తేలిపోయాడు. పిన్ని "పప్పు వెయ్యనా?" అంటే "కప్పు ఎందుకు?" అన్నాడు. అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. తర్వాత ఐస్‌క్రీం వచ్చేదాకా తల వంచుకుని తిన్నాడు తప్ప ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ వారమే చెవులు చూపించుకున్నాం. చప్పుడు రాని గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్స్ పెట్టి, 'బీప్' వినగానే బటన్ నొక్కమన్నారు. ఆడియోగ్రామ్ దాదాపు మామూలుగానే వచ్చింది. "మరి ఆ రోజు నాకేమైనట్టు?" అన్నాడు బాబాయి.

ఆ కాగితం అబద్ధం చెప్పలేదు. నిశ్శబ్దంలో ఒక్క స్వరాన్ని ఎంత మెల్లగా పలికినా పసిగట్టగలరా అన్నదే ఆ పరీక్ష అడిగే ప్రశ్న. రెస్టారెంటు అడిగేది వేరు. పది గొంతుల మధ్య నుంచి ఒక గొంతును విడదీసి, దాన్ని పట్టుకుని వెంట నడవగలరా అని.

పప్పు, కప్పు. రెండింటికీ చివర 'ప్పు' ఒకటే. తేడా అంతా మొదట్లో, సెకనులో చిన్న భాగం మాత్రం ఉండే గాలి విరుపులో ఉంది. అచ్చులు బలంగా, సాగుతూ పలుకుతాయి కాబట్టి గోలలోనూ నిలుస్తాయి. హల్లులు పలచన, ముందు మునిగేవి అవే. వయసుతో మొదట తగ్గేది సన్నని, హెచ్చు స్థాయి ధ్వనుల వినికిడి. స, శ, చ లాంటివి ఎక్కువగా అక్కడే ఉంటాయి. ఆ కొద్దిపాటి తరుగును 'వయసుకి మామూలే' అని వదిలేస్తారు. నిశ్శబ్దంలో అది నిజంగానే పెద్ద లోటు కాదు. రాలిపోయిన అక్షరాన్ని సందర్భం చూసి మెదడే అతికించేస్తుంది.

కానీ కథ అంతటితో అయిపోలేదు. లోపలి చెవిలో ధ్వనిని పట్టే సన్నని కేశకణాలు ఉంటాయి. వాటి నుంచి మెదడుకి కబురు మోసేవి నరపు పోగులు, ఒక్కో చెవికి సుమారు 30,000. 2009లో అమెరికాలో షారన్ కుజావా, చార్లెస్ లిబర్మన్ ఎలుకలకి కొద్దిసేపు పెద్ద చప్పుడు వినిపించారు. కొద్దిరోజుల్లో వాటి వినికిడి పరీక్ష మామూలు స్థాయికి వచ్చేసింది. లోపల చూస్తే కేశకణాలు క్షేమం, వాటికీ నరానికీ మధ్య ముడులు మాత్రం కొన్ని చోట్ల సగం దాకా పోయి ఉన్నాయి. మెల్లని బీప్‌ని చేరవేయడానికి కొన్ని పోగులు మిగిలినా చాలు. గోలలో మాట పట్టడానికి అలా సరిపోదు. వయసుతోనూ ఈ ముడులు తగ్గుతాయని మరణానంతరం దానమిచ్చిన మనుషుల చెవుల్లో చూశారు. అయితే బతికున్న మనిషిలో వాటిని లెక్కపెట్టే పరీక్ష ఇంకా లేదు. కాబట్టి బాబాయి సంగతి ఇదేనని ఎవరూ ఖాయంగా చెప్పలేరు.

మెదడు వాటా కూడా ఉంది. ఏ గొంతు ఏ వైపు నుంచి వస్తోందో తెలియడానికి అది రెండు చెవులకీ చేరే శబ్దంలో సెకనులో వెయ్యో వంతు కన్నా చిన్న తేడాని కొలుస్తుంది. వయసుతో ఆ కొలత మొద్దుబారుతుంది. ఊహించి అతికించే పని పెరుగుతుంది. ఒక వాక్యం అతికించేలోపు ఎదుటివాళ్లు రెండో వాక్యంలోకి వెళ్లిపోతారు. విందుల తర్వాత పెద్దవాళ్లు అలసిపోయామనడం వంక కాదు.

అందుకే మామూలు రిపోర్టు వచ్చినా, గోలలో మాట పరీక్ష చేస్తారా అని ఆడియాలజిస్టుని అడగండి. వెనక గోల పెంచుకుంటూ పోతూ వాక్యాలు వినిపించి తిరిగి చెప్పమంటారు. మాట గోల కన్నా ఎన్ని డెసిబెల్స్ ఎక్కువ ఉంటే మీకు అందుతుందో తేలుతుంది. ఆ రోజు పిన్ని గొంతు 65, హాల్లో గోల 65 అనుకుందాం. తేడా సున్నా. కుర్రాళ్లకి అది చాలు, బాబాయికి ఇంకో నాలుగైదు కావాలి. పిన్ని అరిస్తే పక్క బల్లవాళ్లూ గొంతు పెంచుతారు. దూరం సగానికి తగ్గితే మాత్రం ఆరుబయటైతే 6 డెసిబెల్స్ కలిసొస్తాయి, ప్రతిధ్వనించే హాల్లో కొంత తక్కువ.

ఈసారి వంటగదికీ టీవీకీ దూరంగా మూల బల్ల తీసుకున్నాం. పిన్నిని ఎదురుగా కాక పక్కన, ముఖం మీద వెలుతురు పడేలా కూర్చోబెట్టాం. ఆమె ముందు "ఏవండీ" అని పిలిచి, ఆయన చూశాకే మాట మొదలుపెట్టింది. అందకపోతే అదే మాటను గట్టిగా అనకుండా "కందిపప్పు, ముద్దపప్పు" అని వేరేలా చెప్పింది. పప్పు ఆయనకి చేరింది. బల్ల అటు చివర పిల్లలు చెప్పుకున్న జోకు మాత్రం చేరలేదు.

ఒక చెవికే వినికిడి తగ్గినా, ఉన్నట్టుండి తగ్గినా ఇది కాదు. అప్పుడు మర్నాటికి వాయిదా వేయకుండా ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లండి.